పదిహేడో వ్యాఖ్య: ఒక సమీక్ష నివేదికకు సారాంశం రాసిన కేసు

నేపథ్యం

చెన్నైలో పరిశోధకుల తరఫున వారి పత్రాలకు ఎడిటింగ్ చేయడం నా వృత్తి. జర్నల్‌కు పంపిన పత్రం సమీక్ష నుంచి తిరిగివచ్చినప్పుడు, ఆ నివేదికను చదివి, ప్రధాన అభ్యంతరాలను ఒకవైపు, చిన్న సవరణలను ఇంకొకవైపు పెట్టి సారాంశం రాసి ఇవ్వడం ఇందులో ఒక భాగం. సారాంశం రచయిత కోసమే. జర్నల్‌కు వెళ్ళేది రచయిత రాసే జవాబు లేఖ, సవరించిన పత్రం మాత్రమే. అయినా రచయిత తన రెండు నెలల పనిని ఈ సారాంశాన్ని చూసి వరుస పెట్టుకుంటారు కాబట్టి, ఇందులో ఒక వ్యాఖ్యను తప్పు చోట పెడితే ఆ తప్పు చివరిదాకా నడిచివస్తుంది. ఈ కేసులో అలా ఒక వ్యాఖ్యను నేను తప్పు చోట పెట్టాను. రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. పంట, కొలతలు, వ్యాఖ్యల సంఖ్యలు కొన్ని మార్చాను, తర్కాన్ని మాత్రం మార్చలేదు.

రచయిత్రి రాయలసీమ నుంచి వచ్చి చెన్నై శివారులోని ఒక కళాశాలలో పనిచేస్తున్న యువ అధ్యాపకురాలు. వేరుశనగ మొక్కలకు ఉప్పునీరు పోసినప్పుడు, విత్తనానికి పట్టించిన ఒక నేల బాక్టీరియా మొక్కను ఎంతవరకు కాపాడుతుందన్నది ఆమె పరిశోధన. ప్రయోగంలో నాలుగు రకాల కుండీలు ఉన్నాయి: మంచినీరు మాత్రమే పోసినవి, ఉప్పునీరు పోసినవి, బాక్టీరియా పట్టించి మంచినీరు పోసినవి, బాక్టీరియా పట్టించి ఉప్పునీరు పోసినవి. ఒక్కో రకానికి మూడు కుండీలు, ఒక్కో కుండీలో అయిదు మొక్కలు. కుండీల అమరిక ఇలా ఉందని ఆ రోజున నాకు తెలియదు, ఎందుకంటే పత్రంలో "ప్రతి ట్రీట్‌మెంట్‌కు పదిహేను మొక్కలు" అని మాత్రమే ఉంది. కేసంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది.

వచ్చిన సమస్య

జర్నల్ ఎడిటర్ లేఖ "మేజర్ రివిజన్" అని చెప్పి 60 రోజుల గడువు ఇచ్చింది. మొదటి సమీక్షకుల నివేదిక ఆరు పేజీలు, ఇరవై నాలుగు వ్యాఖ్యలు. మొదటి అయిదు "మేజర్ కామెంట్స్" అనే శీర్షిక కింద, మిగిలిన పందొమ్మిది "మైనర్ కామెంట్స్" కింద ఉన్నాయి. రెండో సమీక్షకులు సంఖ్యలు, శీర్షికలు లేకుండా ఒకే పేరా రాశారు, తొమ్మిది వాక్యాలు. ఆమె ఆ కాగితాలను నా ముందు పెట్టి, "మేడమ్, పెద్దవేవో చిన్నవేవో విడదీసి రెండు పేజీల్లో రాసివ్వండి. ఇది చదివిన ప్రతిసారీ మొదటి వ్యాఖ్య దగ్గరే ఆగిపోతున్నాను," అన్నారు.

నివేదిక చేతికి అందిన రచయితలు చాలామంది ఈ స్థితిలోనే ఉంటారు. సమీక్షకులు వ్యాఖ్యలను పత్రం చదువుతున్న వరుసలో రాసుకుంటూ పోతారు, అందువల్ల పత్రం మొత్తాన్ని ప్రశ్నించే మాటా అక్షరదోషం గురించిన మాటా పక్కపక్కనే పడతాయి. రెండూ ఒకే మర్యాదైన గొంతులో ఉంటాయి. వాటిని విడదీయడానికి వ్యాఖ్య ఎంత పొడుగు ఉంది, ఎంత కటువుగా ఉంది, ఏ శీర్షిక కింద ఉంది అన్న ఆనవాళ్ళు సరిపోవు. ఆ సంగతి నాకు ఈ కేసుకు ముందు కూడా తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చూడండి.

మొదటి సారాంశం

సమీక్షకులే తమ వ్యాఖ్యలను రెండు భాగాలుగా విడదీసి ఇచ్చారు కాబట్టి ఆ విభజనను గౌరవించాలనుకున్నాను. నా తర్కం ఇది: సమీక్షకులు ఆ రంగం తెలిసినవారు, నేను భాష తెలిసిన మనిషిని, ఏది ముఖ్యమో వారు చెప్పాక దాన్ని తిరగరాయడం నా పరిధి దాటడం అవుతుంది. అందువల్ల మొదటి అయిదింటినీ ప్రధాన అభ్యంతరాల కింద ఉంచి, వాటికి రెండో సమీక్షకుల పేరాలో కొంచెం గట్టిగా అనిపించిన రెండు వాక్యాలు కలిపాను. మిగిలినవన్నీ చిన్న సవరణల కింద పేజీల వరుసలో పెట్టాను.

ఆ అయిదు "మేజర్" వ్యాఖ్యలు ఇవి. బాక్టీరియా ఉప్పు దెబ్బను తగ్గిస్తుందన్న నిర్ధారణకు పత్రంలో చూపిన ఆధారం చాలదన్నది మొదటిది. పత్రమంతటా ఇంగ్లీషు సరిచేయించాలన్నది రెండోది. మూడోదానిలో రెండు అభ్యర్థనలు కలిసి ఉన్నాయి: కుండీలలో నేల ఈసీ, అంటే ఉప్పు మోతాదును తెలిపే విద్యుత్ వాహకత, ఎంత ఉందో చెప్పండి, ఈసీ గురించిన ఇటీవలి పత్రాలను ఉదహరించండి. నాలుగోది పొలంలో కూడా ప్రయోగం చేయాలంటుంది. అయిదోది ఉపోద్ఘాతం మరీ పొడుగని. "మైనర్" వ్యాఖ్యలలో పదిహేడోది ఇలా ఉంది: "రెండో పటం కింది వివరణలో ఒక్కో ట్రీట్‌మెంట్‌లోని పదిహేను మొక్కలు వేర్వేరు కుండీలలోనివా, కాదా అన్నది దయచేసి తెలపండి." పదహారోది ఒక కొలత ప్రమాణాన్ని సరిచేయమనడం, పద్దెనిమిదోది పటంలోని అక్షరాలు పెద్దవి చేయమనడం. ఆ రెండింటి మధ్య పదిహేడోది కూడా పటం గురించిన చిన్న సవరణలాగే కనబడింది. నా సారాంశంలో దానికి ఒక్క పంక్తి దక్కింది: "రెండో పటం వివరణలో మొక్కలు, కుండీల సంఖ్య చేర్చాలి."

ఆ పంక్తిలో నేను చేసిన అసలు తప్పు వర్గీకరణ కంటే ముందే జరిగింది. సమీక్షకులు ఒక ప్రశ్న అడిగారు. నేను దాన్ని ఒక పనిగా మార్చి రాశాను. "వేర్వేరు కుండీలలోనివా?" అన్న ప్రశ్నకు అవును లేదా కాదు అన్న జవాబు ఉంటుంది, ఆ జవాబును బట్టి తరువాతి దారి మారుతుంది. "సంఖ్య చేర్చాలి" అన్నదానికి జవాబు అక్కరలేదు, సంఖ్య చేర్చేస్తే సరిపోతుంది. ప్రశ్నార్థకం పోయిన చోటే ప్రమాదం కూడా కంటికి కనబడకుండా పోయింది.

బయటపడిన రోజు

ఇరవై ఆరో రోజున ఆమె జవాబు లేఖ చిత్తుప్రతిని నాకు పంపారు. చాలా శ్రద్ధగా పనిచేశారు. భాష సరిచేయించారు, ఉపోద్ఘాతం కుదించారు, పటాలు తిరిగి గీయించారు. పదిహేడో వ్యాఖ్య కింద ఆమె రాసిన జవాబు: "సూచించినట్లుగా వివరణను సవరించాము. ఎన్ = 15 (3 కుండీలు × కుండీకి 5 మొక్కలు). ధన్యవాదాలు."

ఆ కుండలీకరణం దగ్గర ఆగిపోయాను. ఉప్పునీరు పోసింది కుండీకి, మొక్కకు కాదు. ఒకే కుండీలోని అయిదు మొక్కలూ ఒకే మట్టిలో, ఒకే నీటితో, ఒకే చోట పెరిగాయి. ఆ కుండీకి ఎండ కాస్త ఎక్కువ తగిలితే అయిదింటికీ ఎక్కువ తగిలింది, అడుగు రంధ్రం మూసుకుపోతే అయిదింటి వేళ్ళూ నీటిలో నానాయి. కాబట్టి ఆ అయిదు కొలతలు అయిదు స్వతంత్ర సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి అయిదుసార్లు చెప్పిన మాటలాంటివి. ట్రీట్‌మెంట్‌కు నిజమైన రెప్లికేషన్లు మూడే. పదిహేనుగా లెక్కపెట్టడాన్ని సూడోరెప్లికేషన్ అంటారు. 1984లో స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఈ పేరుతో రాసిన పత్రం తరువాత క్షేత్ర ప్రయోగాలు, కుండీ ప్రయోగాలు చూసే సమీక్షకులు దీన్ని ప్రత్యేకంగా వెతుకుతారు.

లెక్కలో తేడా ఎంతో చూద్దాం. నాలుగు ట్రీట్‌మెంట్లు, ఒక్కోదానికి పదిహేను మొక్కలు అనుకుంటే మొత్తం 60 కొలతలు, సగటులను పోల్చే అనోవా పరీక్షలో లోపానికి మిగిలే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 56. కుండీలను లెక్కపెడితే మొత్తం 12, మిగిలేవి 8. పత్రంలోని ప్రతి పట్టికలో ఉన్న పి-విలువలన్నీ 56 మీద ఆధారపడి వచ్చినవి. ఆమె లేఖ అలాగే వెళ్ళి ఉంటే, సమీక్షకులు మర్యాదగా అడిగిన అనుమానాన్ని రచయితలే ఒప్పుకుని, విశ్లేషణను మాత్రం తాకకుండా, పైగా ధన్యవాదాలు చెప్పినట్లు అయ్యేది. అలాంటి జవాబు చూసిన సమీక్షకులు పత్రాన్ని తిరస్కరించమని సిఫారసు చేస్తే తప్పుపట్టడానికి ఏమీ ఉండదు.

ఎడిటర్ లేఖను మళ్ళీ తీసి చదివాను. గడువు, ఫైళ్ళ పేర్లు, అప్‌లోడ్ పద్ధతి వంటి ప్రతి లేఖలోనూ ఉండే మాటల మధ్యలో ఒక వాక్యం ఉంది: "గణాంక విశ్లేషణకు సంబంధించిన వ్యాఖ్యలపై ప్రత్యేక శ్రద్ధ పెట్టగలరు." మొదటిసారి చదివినప్పుడు దీన్ని మామూలు మాటగా దాటేశాను. నిజానికి "మేజర్" శీర్షిక కింద ఉన్న అయిదింటిలో గణాంకాల గురించి నేరుగా ఒక్కటీ లేదు. అయితే ఎడిటర్ దేని గురించి అన్నట్లు? ఈ ప్రశ్న నేను మొదటి రోజే వేసుకుని ఉంటే మైనర్ వ్యాఖ్యలలోకి వెళ్ళి వెతికేదాన్ని. రెండో సమీక్షకుల పేరాలో కూడా ఒక ఆనవాలు ఉంది: "పటాలలో ఎర్రర్ బార్లు ఇలాంటి ప్రయోగానికి ఆశ్చర్యం కలిగించేంత చిన్నవిగా ఉన్నాయి." దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఆ బార్లు చూపే స్టాండర్డ్ ఎర్రర్‌ను, స్టాండర్డ్ డీవియేషన్‌ను కొలతల సంఖ్య వర్గమూలంతో భాగించి తెస్తారు కాబట్టి, మూడుకు బదులు పదిహేను పెడితే బార్లు చిన్నవి కాక ఏమవుతాయి? ముగ్గురు వేర్వేరు మనుషులు మూడు చోట్ల ఒకే గాయాన్ని వేలితో చూపించారు. నేను ముగ్గురినీ మూడు చోట్ల పెట్టాను.

రెండో ప్రయత్నం, అది కూడా కుదరకపోవడం

ఆ సాయంత్రమే సారాంశాన్ని తిరగరాసి పంపాను. ఈసారి మొదటి అంశంగా "పత్రంలోని గణాంక విశ్లేషణ తప్పు, సమీక్షకులు దీన్ని గుర్తించారు, మొత్తం తిరిగి చేయాలి" అని రాశాను. తొందరలో ఉన్నాను, గడువు సగానికి దగ్గరపడుతోంది, నా పొరపాటు బరువు కూడా మనసులో ఉంది.

మరుసటి రోజు ఆమె ఫోన్ చేసి, పత్రాన్ని వెనక్కి తీసుకుని వేరే జర్నల్‌కు పంపుదామనుకుంటున్నట్లు చెప్పారు. ఆమె గైడ్ మాత్రం దీనికి పూర్తిగా ఎదురు తిరిగారు. "సమీక్షకులు తప్పు అనలేదు, మైనర్ అని వాళ్ళే రాశారు, మీ ఎడిటర్ ఎందుకు పెంచుతున్నారు?" అన్నది ఆయన మాట. నివేదిక తెరిచి చూస్తే ఆయన అన్నదే నిజం. సమీక్షకులు "తప్పు" అన్న మాట ఎక్కడా వాడలేదు. వారు అడిగారు, తప్పని తేల్చింది నేను. సమీక్షకుల మాటనూ నా అంచనానూ ఒకే వాక్యంలో కలిపి వారి నోట పెట్టాను. దానివల్ల ఒకరు భయపడ్డారు, ఇంకొకరు నమ్మడం మానేశారు, ఇద్దరికీ చేయాల్సిన పని మాత్రం కనబడలేదు.

మొదటి సారాంశం వ్యాఖ్య బరువును తగ్గించింది, రెండోది స్వరాన్ని పెంచింది. రెండింటిలోనూ సమీక్షకులు రాసిన వాక్యం రచయిత కళ్ళముందు లేదు.

కుదిరిన పద్ధతి

శనివారం ఆమె ప్రయోగపు నోటుపుస్తకంతో వచ్చారు. ఇద్దరం నివేదికను మొదటి నుంచి మళ్ళీ విడదీశాం. ముందు లెక్క. మొదటి సమీక్షకుల ఇరవై నాలుగు వ్యాఖ్యలలో మూడోదానిలో రెండు అభ్యర్థనలు, పదకొండోదానిలో మూడు అభ్యర్థనలు ఉన్నాయి కాబట్టి అవి ఇరవై ఏడు అయ్యాయి. రెండో సమీక్షకుల పేరాను వాక్యం వెంట వాక్యం విడదీస్తే అయిదు విషయాలు తేలాయి. ఎడిటర్‌ది ఒకటి. మొత్తం 33. ఒక్కోదానికి ఎవరిది, ఎన్నోది అన్న గుర్తు ఇచ్చాం. సారాంశంలో వీటిని ఎలా కలిపినా, ఎక్కడికి జరిపినా, చివరికి ఈ 33 గుర్తులూ లెక్కకు రావాలి. జవాబు లేఖలో ప్రతి వ్యాఖ్యకూ విడిగా జవాబు ఉండాలని జర్నళ్ళు ఆశిస్తాయి కనుక, సారాంశంలో కలిసిపోయినవి లేఖలో మాయం కాకుండా ఈ గుర్తులే కాపాడతాయి.

తరువాత ఒక్కో అంశానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఇది నిజమైతే పత్రం సారాంశంలోని ఏ వాక్యం నిలబడదు? ఏ వాక్యమూ కదలకపోతే అది ఎంత శ్రమ పెట్టించేదైనా చిన్న సవరణే. ఇంగ్లీషు సరిచేయించడానికి ఆమెకు పది రోజులు పట్టింది, అయినా దానివల్ల ఒక్క నిర్ధారణ కూడా మారలేదు, కాబట్టి సమీక్షకులు "మేజర్" అన్నా అది కిందికి వెళ్ళింది. ఉపోద్ఘాతం కుదించడమూ అంతే. శ్రమను బట్టి విడదీయాలన్న కోరిక రచయితలకు సహజంగా ఉంటుంది, ఎందుకంటే వారికి కావలసింది పని ప్రణాళిక. దానికి సారాంశంలో వేరే గడి పెట్టవచ్చు. బరువుకూ శ్రమకూ ఒకే గడి పెడితే రెండూ చెడతాయి.

అయితే ఈ ప్రశ్నకు జవాబు కొన్ని చోట్ల నివేదికలో దొరకదు, పత్రంలో కూడా దొరకదు. రచయిత నోటుపుస్తకంలో మాత్రమే ఉంటుంది. పదిహేడో వ్యాఖ్య అలాంటిదే. పదిహేను మొక్కలూ పదిహేను కుండీలలో ఉండి ఉంటే అది నిజంగానే ఒక పంక్తి సవరణ అయ్యేది, నేను మొదట రాసిందే ఒప్పయ్యేది. సమీక్షకులు దాన్ని మైనర్ కింద పెట్టడానికి కారణం కూడా అదే అయివుంటుందని నా ఊహ: వారికి జవాబు తెలియదు, తెలియనిదాన్ని నేరంగా మోపడం వారికి ఇష్టం లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచింది మూడో వ్యాఖ్యలోని మొదటి అభ్యర్థన, నేల ఈసీ గురించినది. ఆమె 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ నీరు పోశానని మాత్రమే రాశారు. రోజూ ఉప్పునీరు పోస్తుంటే కుండీలో ఉప్పు పేరుకుంటూ పోతుంది. పోసిన నీటి గాఢత ఒకటి, వేరు చుట్టూ ఉన్న ఉప్పు ఇంకొకటి. నేలలో కొలవకపోయి ఉంటే ఆ మొక్కలు ఎంత ఉప్పును తట్టుకున్నాయో ఎవరూ చెప్పలేరు, అప్పుడది పత్రాన్ని కూలదోసే అభ్యంతరం. నేను అడిగాను: "ఈసీ కొలిచారా అండీ?" ఆమె నోటుపుస్తకం మధ్యలో ఒక పేజీ తిప్పి చూపించారు. వారానికొకసారి ప్రతి కుండీ నుంచి తీసిన రీడింగులు, నీలి ఇంకుతో, కుండీ నంబరుతో సహా ఉన్నాయి. ఒకచోట "మీటరు పనిచేయలేదు, రేపు" అని రాసి, మరుసటి తేదీతో రీడింగు ఉంది. పత్రంలో చోటు చాలదని గైడ్ తీసేయమన్నారట. ఆ పేజీ చూసిన క్షణంలో ఒక ప్రధాన అభ్యంతరం చిన్న సవరణ అయిపోయింది. చేయాల్సిందల్లా ఒక అనుబంధ పట్టిక చేర్చడం.

ఈ రెండు వ్యాఖ్యలనూ పక్కపక్కన చూసినప్పుడు నాకు స్పష్టమైంది ఏమిటంటే, ప్రశ్న రూపంలో ఉన్న వ్యాఖ్య బరువు దాని జవాబులో ఉంటుంది, ఆ జవాబు రచయిత దగ్గర ఉంటుంది. కాబట్టి నివేదిక ఒక్కటే చదివి ప్రశ్నలను వర్గీకరించడం అసలు సాధ్యం కాని పని. ముందు అడగాలి, తరువాత విడదీయాలి.

మూడో సారాంశంలో ప్రధాన అభ్యంతరాలు మూడే మిగిలాయి. మొదటిది రెప్లికేషన్ గురించి: మొదటి సమీక్షకుల పదిహేడో వ్యాఖ్య, రెండో సమీక్షకుల ఎర్రర్ బార్ల వాక్యం, ఎడిటర్ వాక్యం ఒకే చోటికి వచ్చాయి. దాన్ని ఇలా రాశాను. పైన మూడు మూల వాక్యాలు, అక్షరం మార్చకుండా, కొటేషన్ గుర్తుల మధ్య. వాటి కింద "ఎడిటింగ్ చేస్తున్న నా అవగాహన" అన్న గుర్తుతో రెండు వాక్యాలు: కుండీ ఒక్కటే స్వతంత్ర ప్రమాణం అయితే విశ్లేషణ ఎన్ = 3తో చేయాల్సి ఉంటుంది; సమీక్షకులు దీన్ని తప్పుగా పేర్కొనలేదు, సమాచారం అడిగారు. ఆ కింద దీనిపై ఆధారపడే చోట్లు: రెండు పట్టికలు, రెండు పటాలు, పత్రం సారాంశంలో రెండు వాక్యాలు. ఈ కాగితం చూశాక గైడ్ అభ్యంతరం చెప్పలేదు. ఎడిటర్ వాక్యం పక్కనే ఉండటం ఆయనను ఒప్పించిందని ఆమె తరువాత చెప్పారు.

రెండో అభ్యంతరం శీర్షికలోని మాట గురించి. మొదటి సమీక్షకుల మొదటి వ్యాఖ్య ఆధారం చాలదంటుంది కానీ ఎందుకో చెప్పదు. మైనర్ కింద ఉన్న ఇరవై రెండో వ్యాఖ్య శీర్షికలో "ఉప్పు ఒత్తిడి నుంచి ఉపశమనం" అన్న మాటను పునరాలోచించమంటుంది. రెండో సమీక్షకుల ఒక వాక్యం అసలు కారణం చెబుతుంది: ఉప్పు పోయని కుండీలలో కూడా బాక్టీరియా పట్టించిన మొక్కలే బాగా పెరిగాయి కదా. ఆ ఒక్క వాక్యం పక్కన లేకుండా మొదటి వ్యాఖ్య అర్థం కాదు. ఆమె మొదటి వ్యాఖ్య దగ్గర రోజుల తరబడి ఆగిపోవడానికి కారణం అదే. బాక్టీరియా రెండు పరిస్థితుల్లోనూ సమానంగా పెరుగుదలను ఇస్తుంటే అది ఎరువులా పనిచేస్తోందని చెప్పవచ్చు గానీ ఉప్పు నుంచి కాపాడుతోందని చెప్పలేం. కాపాడుతోందనాలంటే ఉప్పు కుండీలలో దాని ప్రభావం ఎక్కువగా ఉందని, అంటే రెండు కారకాల ఇంటరాక్షన్ ఉందని, టూ-వే అనోవాతో చూపాలి.

మూడోది పొలంలో ప్రయోగం. ఇక్కడ సమీక్షకులు ఇద్దరూ విభేదించారు. మొదటివారు పొలంలో చేయాలన్నారు, రెండోవారు నిర్ధారణలను కుండీ ప్రయోగానికే పరిమితం చేస్తే ఇది చాలన్నారు. ఎడిటర్ ఏమీ అనలేదు. ఇలాంటి చోట సారాంశం రాసేవారికి ఒకరి పక్షం తీసుకోవాలనిపిస్తుంది, ముఖ్యంగా రచయితకు సులువైన పక్షం. నేను రెండు వాక్యాలనూ ఎదురెదురుగా పెట్టి, "విభేదం ఉంది, నిర్ణయం రచయితలది" అని మాత్రమే రాశాను.

ఈ మూడింటికి చేరిన గుర్తులు ఎనిమిది. ఒకటి కేవలం ప్రశంస, దాన్ని విడిగా ఉంచాం. మిగిలిన 24 చిన్న సవరణలు, వాటిని పత్రంలోని పేజీల వరుసలో పెట్టాం, ఎందుకంటే వాటిని చేసేటప్పుడు ఎవరైనా పత్రాన్ని ముందు నుంచి వెనక్కి తిప్పుకుంటూ పోతారు.

ఫలితం

ఆమె కుండీల సగటులు తీసి విశ్లేషణ తిరిగి చేశారు. కుండీని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ కూడా చేయవచ్చు, కానీ ప్రతి కుండీలోనూ అయిదే మొక్కలు ఉన్న ఇలాంటి సమతుల అమరికలో రెండు దారులూ ట్రీట్‌మెంట్ గురించి ఒకే జవాబు ఇస్తాయి, కుండీ సగటుల దారి సమీక్షకులకు వివరించడం సులువు. కాండం పొడి బరువు, వేరు పొడవు తేడాలు నిలిచాయి. ఆకు పత్రహరితం తేడా నిలవలేదు, పత్రం సారాంశంలో దాని గురించిన వాక్యం తీసేశారు. ఇంటరాక్షన్ ఏ కొలతలోనూ తేలలేదు. ఆమె మొదట "ఇంటరాక్షన్ లేదు" అని రాశారు. మూడు కుండీలతో చేసిన ప్రయోగానికి చిన్న ఇంటరాక్షన్‌ను పట్టుకునే శక్తి ఉండదు కాబట్టి "ఈ ప్రయోగంలో చూపలేకపోయాము" అని మార్చమన్నాను. శీర్షికలో ఉపశమనం పోయి, "ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ పెరుగుదల" వచ్చింది. పొలం ప్రయోగం విషయంలో నిర్ధారణలను కుండీలకు పరిమితం చేసి, ఇద్దరు సమీక్షకుల మాటలనూ లేఖలో ప్రస్తావించి కారణం చెప్పారు. అన్నిటికీ కలిపి గడువు చాలక రెండు వారాలు అదనంగా అడిగితే ఎడిటర్ ఇచ్చారు.

రెండో విడతలో మొదటి సమీక్షకులు పదిహేడో వ్యాఖ్యకు ఇచ్చిన జవాబును ప్రత్యేకంగా ప్రస్తావించి తృప్తి తెలిపారు. మూడు అక్షరదోషాలు చూపించారు. పత్రం ఆమోదం పొందింది, మొదట పంపినదానికంటే చిన్న మాటలు చెబుతూ.

నేర్చుకున్నవి

అప్పటి నుంచి నా పని వరుస మారింది. ఎడిటర్ లేఖను చివర చదివేదాన్ని, ఇప్పుడు మొదట చదువుతున్నాను, అందులోని ప్రతి వాక్యానికీ నివేదికలో జోడీ వెతుకుతున్నాను. జోడీ దొరకని వాక్యం ఉందంటే నేను ఏదో వ్యాఖ్యను తేలికగా తీసుకున్నానని అర్థం. ప్రశ్నార్థకంతో ఉన్న వ్యాఖ్యను ఇక పనిగా మార్చి రాయను. "తెలపండి", "స్పష్టం చేయండి", "ఎన్ని", "ఎలా" అన్న మాటలు కనబడితే, అది ఏ శీర్షిక కింద ఉన్నా, ముందు ఒక పక్కకు తీసి పెడతాను.

అలా పక్కన పెట్టినవాటిని రచయితకు పంపేటప్పుడు ఊరకే "ఇది చెప్పండి" అనను. "మొక్కలు ఒకే కుండీలోవి అయితే ఇది ప్రధాన అభ్యంతరం అవుతుంది, వేర్వేరు కుండీలవి అయితే చిన్న సవరణ, ఏది?" అని రెండు దారులూ రాసి అడుగుతాను. రెండు దారులూ కనబడితే రచయితలు జవాబును దాచుకోవాలనుకోరు, భయపడటం కూడా తగ్గుతుంది, ఎందుకంటే అడుగుతున్నది వాస్తవాన్ని మాత్రమే.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. మూల వాక్యంలో ప్రశ్న ఉందని గుర్తించడానికి విషయం కొంతైనా తెలిసి ఉండాలి. ఎర్రర్ బార్లు చిన్నవన్న వాక్యంలో ప్రశ్నార్థకం లేదు, దాని బరువు గణాంకాలు తెలిసినవారికే అందుతుంది. నాకు పరిచయం లేని రంగాల నుంచి, ఉదాహరణకు స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ నుంచి నివేదిక వచ్చినప్పుడు, ఇలాంటి వాక్యాలను నేను ఇప్పటికీ దాటేసే అవకాశం ఉంది. అందుకే సారాంశంలో మూడో భాగం ఒకటి పెట్టాను: "జవాబు తెలిసేవరకు ఎటూ పెట్టనివి". రచయిత జవాబు రాకపోతే ఆ అంశాలు అక్కడే ఉంటాయి, గడువు దగ్గరపడినా వాటిని చిన్న సవరణలలోకి జరపను. పోయిన వారం పంపిన ఒక సారాంశంలో ఆ భాగం కింద నాలుగు ఉన్నాయి, వాటిలో రెండింటికి ఇంకా జవాబు రాలేదు.